నీళ్లు సగమే వస్తున్నాయి

పల్నాడు మెట్టలో మిరప తోటలకు నీళ్లు తోడే బావి మోటారు పాడైందని కబురొస్తే, రైతు చెప్పే మొదటి మాట చాలాసార్లు ఒకటే: "నీళ్లు సగమే వస్తున్నాయి." అది వినగానే మేస్త్రి మనసు ఫుట్‌వాల్వు మీదికి పోతుంది. చెత్త అడ్డం పడి ఉంటుంది, లేదంటే సక్షన్ పైపు అతుకులో గాలి లాగుతూ ఉంటుంది. ఎక్కువగా అదే నిజం కూడా. నేనెరిగిన ఒక కుర్రాడు, ఐటీఐ ముగించి మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నవాడు, ఒకరోజు అలాంటి కబురు మీద వెళ్లి, పానా చేతికి తీసుకోకముందే ఒక సంగతి అడిగాడు.

"ఎప్పట్నుంచి ఇలా, బాబాయ్?"

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వేరేది పెట్టిన కాణ్నుంచి."

ఫుట్‌వాల్వుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఏం సంబంధం? కుర్రాడు స్టార్టర్ దగ్గర మీటరు పెట్టి చూశాడు. ఏ రెండు ఫేజుల మధ్య చూసినా 415 వోల్టులకు కాస్త అటూ ఇటూగా ఉంది. ఫీజులు బాగున్నాయి, మోటారు మోత మామూలుగానే ఉంది. మీటరు చెప్పగలిగింది అంతే. ఏ ఫేజు వెనక ఏ ఫేజు వస్తోందో అది చెప్పదు.

మోటారు తిరిగే దిక్కును తేల్చేది ఆ వరసే. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు సెకనుకు 50 సార్లు ఒకదాని వెనక ఒకటి ఎగసిపడుతుంటాయి. ఆ వరసలోనే మోటారు లోపల అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది, రోటరు దాని వెంట పోతుంది. మూడు తీగలనూ ఒక్కో స్థానం జరిపితే ఏమీ కాదు, వరస అలాగే ఉంటుంది. ఏ రెండు తారుమారైనా మాత్రం మోటారు ఎదురు తిరుగుతుంది.

పంపు వెనక్కి తిరిగితే నీళ్లు మళ్లీ బావిలోకే పోవాలి కదా అని చాలామంది అనుకుంటారు. అనుభవమున్నవాళ్లు కూడా ఇక్కడే మోసపోతారు. సెంట్రిఫ్యూగల్ పంపులో ఇంపెల్లర్ ఎటు తిరిగినా నీటిని మధ్య నుంచి అంచుకే విసురుతుంది. అంచున ఉన్న దారి డెలివరీ పైపు ఒక్కటే కాబట్టి నీళ్లు అటే వస్తాయి. కానీ ఇంపెల్లర్ రెక్కల వంపు, చుట్టూ ఉన్న కేసింగ్ మలుపు ఒకే దిక్కుకు తగ్గట్టు చేసినవి. ఎదురు తిరిగినప్పుడు ఒత్తిడి పడిపోతుంది. పైపు ఎత్తు తక్కువైతే నీరు పలచగా వస్తుంది, ఎక్కువైతే అసలు ఎక్కదు. చూసేవాళ్లకు అచ్చం ఫుట్‌వాల్వు జబ్బులాగే కనిపిస్తుంది.

పంపు కేసింగ్ మీద బాణం గుర్తు ఉంది, రంగు కింద సగం మాసిపోయి. కుర్రాడు మోటారు ఆపి, వెనక ఉన్న ఫ్యాను నెమ్మదిస్తుంటే వంగి చూశాడు. బాణానికి ఎదురుగా తిరుగుతోంది. మేస్త్రి మాత్రం అది సాక్ష్యం కాదన్నాడు. "ఫుట్‌వాల్వు కారుతుంటే ఆపగానే పైపులో నీళ్లు కిందికి జారి పంపును వెనక్కి తిప్పుతాయిరా. ఆగేటప్పుడు కాదు, బయల్దేరేటప్పుడు చూడు." నాకు ఈ మాట ఎంతో ఇష్టం. మోటారు పూర్తిగా నిలిచాక పచ్చ బటన్ నొక్కి వెంటనే ఎర్ర బటన్ నొక్కారు. కదిలిన ఆ మొదటి క్షణంలోనే ఫ్యాను బాణానికి ఎదురుగా పోయింది. ఇక అనుమానం లేదు.

మెయిన్ ఆపి స్టార్టర్‌లోకి వచ్చే రెండు తీగలు అటుదిటు మారిస్తే ఐదు నిమిషాల పని. స్టార్ డెల్టా స్టార్టరైనా సరే, ఇలా వచ్చే వైపే మార్చాలి. మోటారుకు పోయే ఆరు తీగలను కదిలిస్తే వైండింగు కలయికే చెడిపోవచ్చు. మేస్త్రి స్క్రూడ్రైవర్ తీస్తుంటే కుర్రాడు ఆపాడు. "ఒక్క మోటారే ఇలా ఉంటే ఇక్కడ మారుద్దాం. పక్కవాళ్లవీ చూసొస్తా." అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పక్క చేలో బోరు మోటారుకూ నీళ్లు తగ్గాయి. అది భూమి లోపల ఉంటుంది, ఫ్యాను కనపడదు. రెండు తీగలు మార్చి చూసి, ఏ వరసలో నీళ్లు ఎక్కువొస్తే అదే సరైనదని తేల్చుకోవాలి. మార్చి చూస్తే పైపు నిండా వచ్చాయి. మళ్లీ పాత చోటే బిగించి, ఆపి ఉంచమన్నాడు. తప్పు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే జరిగిందని తేలిపోయింది. మార్చినప్పుడు కేబుళ్లకు గుర్తులు కట్టకుండా బిగించేసినట్టుంది.

అక్కడ చెయ్యి పెట్టే హక్కు వీళ్లకు లేదు. లైన్‌మన్‌కు కబురు చేశారు. ఆయన సరఫరా ఆపించుకుని, కరెంటు లేదని చూసుకున్నాక రెండు కేబుళ్లు మార్చడానికి సిద్ధమయ్యాడు. అప్పుడు కుర్రాడికి ఇంకో అనుమానం వచ్చింది. ఈ మధ్యలో ఎవరైనా సొంతంగా స్టార్టర్ దగ్గర తీగలు మార్చుకుని ఉంటే, ఇప్పుడు వాళ్ల మోటారు ఎదురు తిరుగుతుంది. గట్ల మీద పరుగెత్తి ఒక్కొక్కరినీ అడిగాడు. చివరి చేలో ఆయన, "నిన్ననే మావాడు మార్చాడయ్యా, బ్రహ్మాండంగా వస్తున్నాయి" అన్నాడు. కరెంటు రాకముందే ఆ రెండు తీగలూ పాత చోటికి తిరిగి బిగించారు.