రాళ్లున్నాయి, మట్టేది?

పార్వతీపురం దగ్గర మా మావయ్య పొలం ఓ గెడ్డ ఒడ్డునే ఉంటుంది. వేసవిలో చూస్తే ఆ గెడ్డలో మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. కొండ మీద గంటసేపు గట్టిగా వాన పడిందా, ఎర్రటి నీళ్లు ఒడ్డు కొరుక్కుంటూ దిగుతాయి. ఏటా కొంచెం పొలం గెడ్డలోకి పోతుంటే తట్టుకోలేక మావయ్య రాళ్ల పెట్టెల గోడ కట్టించాడు. తీగ జాలీతో పెట్టెలు అల్లి, వాటిలో రాళ్లు నింపి పేర్చే ఈ గోడనే గేబియన్ అంటారు. ఘాట్ రోడ్ల పక్కన మీరూ చూసే ఉంటారు.

అప్పటికి నేను సివిల్ డిప్లొమా పూర్తి చేసి ఏడాదైంది. నన్ను పిలిచి చూపించారు. గెడ్డలో నిలబడి ముందువైపు నుంచి చూశాను. రాళ్లు చక్కగా పేర్చి ఉన్నాయి. ‘బాగుంది మావయ్యా’ అనేశాను.

రెండో వానాకాలం తర్వాత మళ్లీ ఫోన్. గోడ వెనక మేస్తున్న దూడ కాలు నేలలో దిగబడిపోయిందట. వెళ్లి చూస్తే గోడ నిలబడే ఉంది, దాని వెనక మాత్రం గుల్ల. ‘‘రాళ్లున్నాయిరా. మట్టి ఎటెల్లిపోనాది?’’ అన్నాడు మావయ్య. నా దగ్గర జవాబు లేదు. కట్టేటప్పుడే గోడ వెనక్కి వెళ్లి చూసుంటే ఉండేది.

జరిగింది ఇదీ. వరద వచ్చినప్పుడు ఒడ్డు మట్టి నీళ్లు పీల్చుకుంటుంది. గెడ్డ తీయగానే ఆ నీళ్లు రాళ్ల సందుల్లోంచి బయటికొస్తాయి. వస్తూ వస్తూ సన్నటి మట్టినీ ఇసుకనీ లాక్కొస్తాయి. దాన్ని ఆపడానికే గోడకీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ పరుస్తారు. చూడ్డానికి పల్చటి కంబళిలా ఉండే గుడ్డ అది. నీటిని వదులుతుంది, మట్టిని పట్టుకుంటుంది. మా గోడకి అదే లేదు.

‘‘టార్పాలిన్ ఏస్తే సరిపోదేటి?’’ అని మావయ్య అడిగాడు. సరిపోదు. టార్పాలిన్ నీటిని కూడా ఆపేస్తుంది. అప్పుడు వెనక నిలిచిన నీరే గోడని ముందుకు తోస్తుంది.

దెబ్బతిన్న రెండు పెట్టెలు విప్పించాం. నాకు అసలు సిగ్గేసింది అక్కడే. ముందు వరసలోనే పెద్ద రాళ్లు, లోపలంతా కంకర! జాలీ కన్ను దాదాపు 8 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు. అలాంటి జాలీలో 10 నుంచి 20 సెంటీమీటర్ల రాళ్లుండాలి. అంతకంటే చిన్నవి సందుల్లోంచి జారిపోతాయి, పెట్టె వదులై పొట్ట ముందుకొస్తుంది. అలాగని మరీ పెద్దవి వేస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. సరిగ్గా నింపితే 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న ఒక్క పెట్టే దాదాపు మూడున్నర టన్నులు తూగుతుంది. గోడ బలమంతా ఆ బరువే.

రాయి రకం కూడా చూడాలి. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ ఎక్కువ (ఖోండు గిరిజనుల పేరే ఈ రాయికి పెట్టారు). గాలికీ నీటికీ నాని మెత్తబడినదైతే సుత్తితో కొడితే ‘డబ్’మంటుంది, పొడి రాలుతుంది. రాత్రంతా బకెట్ నీళ్లలో వేసి పొద్దున్నే చేత్తో నలిపితే తెలిసిపోతుంది. మేం ఈసారి ఖంగుమని మోగే నల్లరాయే తెప్పించాం.

ఇక తీగ. పెట్టెల్ని ఒకదానికొకటి కుట్టడానికి ఇంటి స్లాబుకి వాడే సన్నటి కట్టుతీగ వాడేశారు. అదే ముందు తుప్పుపట్టి తెగింది. జాలీ కూడా మామూలు కంచెకి వేసేదే. దానిలో ఒక్క తీగ తెగితే స్వెటర్ దారం లాగినట్టు వరసంతా ఊడొస్తుంది. గేబియన్ జాలీలో ప్రతి కన్ను దగ్గరా రెండు తీగల్ని కలిపి మెలేస్తారు, అందుకే ఒకటి తెగినా పక్కవి పట్టుకుంటాయి. మన దేశంలో దీనికి ఐఎస్ 16014 ప్రమాణం ఉంది. మేం కొన్నది 2.7 మిల్లీమీటర్ల తీగ, మందంగా జింకు పూత, దానిపైన పీవీసీ తొడుగు. గెడ్డలో దొర్లే గులకరాళ్లు జింకుని గీకేస్తాయి కాబట్టి తొడుగు లేకపోతే నీటి మట్టం దగ్గరే తుప్పు మొదలవుతుంది. తొడుగు చిరిగితే మాత్రం అదీ అంతే, అందుకే రాళ్లు పైనుంచి గుమ్మరించకుండా చేత్తో పేర్పించాం. పొట్ట రాకుండా ప్రతి మూడో వంతు ఎత్తులో ముందు జాలీని వెనక జాలీకి అడ్డ తీగలతో కట్టాం.

గుడ్డని గోడ వెనకా, పునాది కిందా పరిచాం. ముక్కకీ ముక్కకీ 30 సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి వచ్చేలా వేశాం. ఎండ తగిలితే అది పాడవుతుంది, ఆ రోజే మట్టి కప్పేశాం. గోడ కాళ్ల దగ్గర గెడ్డ అడుగు కోసుకుపోకుండా పల్చటి రాళ్ల పరుపు కూడా వేశాం, అది చాలకపోవచ్చని నాకింకా అనుమానమే.

మొన్న ఆగస్టులో వరద తీశాక వెళ్లాం. ఈసారి నేను ముందు గోడ వెనక్కే వెళ్లాను. మావయ్య చేతికర్రతో నేలని అడుగడుగునా పొడుస్తూ నడిచాడు. కర్ర దిగలేదు. కింద రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. దోసిట్లో పట్టి చూశాను, తేటగానే ఉన్నాయి.