డింగ్‌బోచే నుంచి నాన్నకు

నాన్నా,

లుక్లా నుంచి మొదటిరోజు ఎనిమిది కిలోమీటర్లు నడిచామంటే "అంతేనా?" అన్నారు కదా. ఈరోజు లెక్క వింటే ఇంకేమంటారో! పొద్దున్నుంచీ కొండెక్కాం, దిగాం, మళ్లీ నిన్నటి గదికే వచ్చి చేరాం. ఒంట్లో బాగానే ఉంది, అమ్మకు చెప్పండి.

డింగ్‌బోచే 4,410 మీటర్ల ఎత్తున్న షెర్పాల ఊరు. గాలికి అడ్డంగా పేర్చిన రాతిగోడల మధ్య ఆలుగడ్డ, బార్లీ మడులు. చెట్టన్నది లేదు కాబట్టి పొయ్యిలోకి జడలబర్రె పిడకలే. మేమున్న లాడ్జిలో ఆ పొయ్యి సాయంత్రమే వెలిగిస్తారు, అందరం దాని చుట్టూనే.

గాలిలో ఆక్సిజన్ పాలు మనూళ్లో ఎంతో ఇక్కడా అంతే. తగ్గింది గాలి ఒత్తిడి. అందుకే ఒక్కో ఊపిరికి అందేది అక్కడి దాంట్లో సుమారు 60 శాతమే. కాళ్లలో సత్తువున్నా పది అడుగులకు ఆగాల్సి వస్తోంది. "బిస్తారై, బిస్తారై" అంటాడు గైడు, మెల్లగా అని. నడుస్తూ ఒక మాట పూర్తిగా చెప్పగలిగితే సరైన వేగం, మధ్యలో రొప్పు వస్తే ఎక్కువైనట్టు.

అసలు ఇక్కడ రోజును కొలిచేది కిలోమీటర్లతో కాదు, రాత్రి పడుకునే ఎత్తుతో. 3,000 మీటర్లు దాటాక ఆ ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. కానీ ఊళ్లు మన లెక్క ప్రకారం కట్టలేదుగా! ఫాక్‌డింగ్ 2,610, తర్వాతి మజిలీ నామ్చే 3,440. ఒక్కరోజులో 830 మీటర్లు, అందుకే నామ్చేలో రెండు రాత్రులు. టెంగ్‌బోచే 3,860, అక్కణ్ణుంచి ఇక్కడికి మళ్లీ 550. అందుకే ఈ రెండో రాత్రి. పగలు నాంగ్‌కర్‌త్సాంగ్ కొండ వైపు ఎక్కి దిగడం కూడా ఇందులో భాగమే. పైన కాసేపు గడిపి కింద పడుకుంటే ఒళ్లు ఎత్తుకు అలవాటు పడుతుంది.

తలనొప్పి ఇక్కడ చాలామందికి వస్తుంది. దానికి వికారం, తిండి సయించకపోవడం తోడైతే మరి పైకి కదలనివ్వరు. తాగినవాడిలా అడుగు తడబడితే మాత్రం తెల్లారేదాకా ఆగరు, రాత్రయినా కిందికి దించేస్తారు. మా జట్టులో ఒకాయన నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేచాడు. ఈ ఎత్తులో అది మామూలేనట, కానీ పక్క మంచంవాడికి నిద్ర ఉండదు!

రేపు లోబూచే. ఎనిమిది కిలోమీటర్లే. తుక్లా దాకా దారి సుమారుగా చదును, ఆపైన నిట్టనిలువు రాళ్లదారి. దాని తల మీద ఎవరెస్టులో పోయినవాళ్ల స్మారకాలున్నాయి. పొద్దున్నే బయల్దేరినా మధ్యాహ్నం దాటొచ్చు. తిరుగుదారిలో మాత్రం రోజుకు ఇంతకు రెట్టింపు నడుస్తాం, దిగేటప్పుడు ఈ లెక్కలేవీ ఉండవు.

లోబూచేలో సిగ్నల్ సరిగా ఉండదట. రెండ్రోజులు ఫోను రాకపోతే కంగారుపడి లాడ్జివాళ్లకు చేయకండి.

మీ చిన్నోడు