ఏడు ప్లీజులు, ఒక ‘వద్దులే’

హెమింగ్వే ‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ కథ 1927లో వచ్చింది. స్పెయిన్‌లో ఎబ్రో నది లోయ, ఒక చిన్న జంక్షన్ స్టేషను, మాడు పగిలే ఎండ. బార్సిలోనా నుంచి వచ్చి మాడ్రిడ్ పోయే రైలుకి ఇంకా 40 నిమిషాలుంది. ఒక అమెరికన్, అతనితో ఉన్న అమ్మాయి బీరు తాగుతూ మాట్లాడుకుంటూ ఉంటారు. అమ్మాయి గర్భవతి అనీ, అతనికి ఆ బిడ్డ వద్దనీ మనకి అర్థమవుతుంది. కానీ గర్భం, గర్భస్రావం అన్న మాటలు కథలో ఎక్కడా ఉండవు. దాదాపు కథంతా సంభాషణే.

నేను పగలు బెంగళూరులో కోడ్ రాసుకుంటాను. రాత్రుళ్ళు ఈ కథని తెలుగులోకి తెస్తున్నాను. స్థలం నన్ను ఇబ్బంది పెట్టలేదు. మా ఎర్రగుంట్ల జంక్షన్లో ఏప్రిల్‌ నెలలో రైలు కోసం కూర్చున్నవాళ్ళకి ఆ ఎండ, నీడ లేని ఆ గుట్టలు కొత్త కాదు. కష్టమంతా మాటల దగ్గరే. మక్కీకి మక్కీ దించాలా, స్వేచ్ఛగా మార్చాలా అన్నది కథ మొత్తానికి ఒకేసారి తేల్చుకునే విషయం అనుకుంటాం. సంభాషణలో అది కుదరదు. ఒక్కో మాటకీ విడిగా తేల్చుకోవాలి.

అందుకని ఒక షీట్ పెట్టుకున్నాను. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారు, మూడో గడిలో ఆ మాటతో వాళ్ళు ఎదుటి మనిషిని ఏం చేస్తున్నారు: దాస్తున్నారా, బతిమాలుతున్నారా, నోరు మూయిస్తున్నారా. చివరి రెండు గడుల్లో రెండు రకాల తెలుగు. రెండిటినీ మా చిన్నమ్మకి చదివి వినిపిస్తాను. ఆమెది ప్రొద్దుటూరు. ఇంగ్లీషు రాదు. ఈ అనువాదం మొదలుపెట్టిందే ఆమె కోసం.

మొదటి చిక్కు ‘ఆపరేషన్’ దగ్గర వచ్చింది. కథలో మగమనిషి ఆ మాటే వాడతాడు. అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు, పైపైన తేల్చేస్తాడు. ఆపరేషన్ తెలుగు మాటే అయిపోయింది కదా, అలాగే ఉంచితే సరిపోతుంది అనిపిస్తుంది. కానీ మా వైపు ఒక ఆడమనిషి గురించి “ఆపరేషన్ చేయించుకునింది” అంటే దానికి ఒకటే అర్థం. పేపర్లలో కు.ని. అని రాస్తారే, ఆ ఆపరేషన్. ఇద్దరో ముగ్గురో పిల్లలు పుట్టాక, ఇక చాలనుకున్నాక చేయించుకునేది. మక్కీకి మక్కీ చదవగానే చిన్నమ్మ ఆపింది.

“పిల్లకాయలే పుట్టలేదంటివి, అప్పుడే ఆపరేషన్ ఏంది నాయనా? ఇంక జన్మలో పుట్టరు గదా!”

మాట అదే, అర్థం వేరే కథకి పోయింది. డిక్షనరీ చూస్తే ఈ తేడా తెలియదు. మాట విన్న మనిషి వేసే ప్రశ్న వల్లే తెలుస్తుంది. అలాగని ‘అబార్షన్’ అని రాస్తే కథే ఉండదు. ఆ మాట పలకలేకపోవడమే అతని గుణం.

తెలుగులో దీనికి ఒక దారి ఉంది. ‘తీయించుకోవడం’. పన్ను తీయించుకుంటాం, ఫోటో తీయించుకుంటాం. ఏం తీయించుకున్నారో చెప్పకుండా క్రియ ఒక్కటే వదిలేసినా తెలుగు వాక్యం నిలబడుతుంది. ఇంగ్లీషులో కర్మ లేకుండా కుదరదు కాబట్టి అక్కడ ‘ఇట్’ పెట్టాలి. దాన్ని ‘అది’ అని దించితే, ఏదో ఉందని వేలు పెట్టి చూపించినట్టు అవుతుంది. ఖాళీగా వదిలేస్తే ఆ మౌనం ఇంకా చిక్కబడుతుంది.

దీనికి ఒక ఖరీదుంది. ఇంగ్లీషు పాఠకుడు ఒక పేజీ తిరిగాక గాని పట్టుకోని విషయాన్ని, ‘తీయించుకోవడం’ వినగానే కడపజిల్లాలో ఏ ఆడమనిషైనా పట్టేస్తుంది. అందుకని ఆపరేషన్ మాట మొదటిసారి వచ్చిన చోట ‘చిన్న పని’ అని మాత్రమే పెట్టాను. ‘తీయించుకోవడం’ ఆ తర్వాతే, అదీ ఒక్కసారే. ఇది పూర్తిగా స్వేచ్ఛానువాదమే. కానీ దాచే మనిషి దాచుతూనే ఉన్నాడు. మూడో గడి మారలేదు.

రెండోది దీనికి సరిగ్గా తలకిందులు. కథ చివర్లో అమ్మాయి అతన్ని ఇక మాట్లాడొద్దని అడుగుతుంది. ఆ ఒక్క వాక్యంలో ‘ప్లీజ్’ ఏడుసార్లు వరసగా ఉంటుంది. ‘దయచేసి’ అంటే రైల్వే అనౌన్స్‌మెంటు గుర్తొస్తుంది. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ‘దయచేసి’ అనరు. తెలుగులో బతిమాలడం విడిగా ఒక మాటలో ఉండదు. ‘కాస్త’, ‘రా’ లాంటి ముక్కల్లోనో, గొంతులోనో ఉంటుంది.

మా మాటలో బ్రహ్మాండమైనది ఒకటుంది: ‘నీకో దండం సామీ’. అందులో మొక్కడమూ ఉంది, వదిలించుకోవడమూ ఉంది. అమ్మాయి మనసులో ఉన్నవీ ఆ రెండే. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి అనువాదం ఉండదు. చదివితే చిన్నమ్మ నవ్వింది. ఎవరైనా నవ్వుతారు. ఆ మాట మొగుడూపెళ్ళాల చిలిపి తగాదాలో పుట్టింది, వినగానే అక్కడికే తీసుకుపోతుంది. పైగా దాన్ని ఒక్కసారి అనగలం, ఏడుసార్లు అనలేం.

ఇక్కడ పనిచేస్తున్నది అర్థం కాదు, లెక్క. మొదటి రెండు ప్లీజులు మర్యాద. మూడోదానికి విసుగు. ఐదు దాటేసరికి అరుపుకి దగ్గర. మర్యాద మాటే గొంతు పిసుకుతుంది. కాబట్టి ‘ప్లీజ్’ని ‘ప్లీజ్’గానే, ఏడుసార్లూ, మధ్యలో కామా లేకుండా ఉంచాను. ఈసారి నాలుగోదాని దగ్గరే చిన్నమ్మ ముఖంలో నవ్వు పోయింది.

మూడోది ఇంగ్లీషులో లేనే లేని మాట. నీకు ఇష్టం లేకపోతే బలవంతం లేదని అతను మళ్ళీ మళ్ళీ అంటాడు. అంటూనే ఒత్తిడి పెడుతుంటాడు. ‘వద్దు’ అని రాస్తే నిజంగానే వద్దంటున్నట్టు ఉంది. ‘వద్దులే’ అని రాశాను. ఆ ‘లే’లో ఓదార్పూ ఉంది, ఇంకాసేపాగి మళ్ళీ అడుగుతానన్న సూచనా ఉంది. సీమలో పెద్దలు పిల్లల్ని ఒప్పించేటప్పుడు ఈ ‘లే’ లేకుండా వాక్యం ముగియదు.

అంతకుమించి సీమ యాస పెట్టలేదు. కేతు విశ్వనాథరెడ్డి కథల్లో మనుషులు కడప మాట మాట్లాడితే వాళ్ళ ఊరూ వాళ్ళ పొలమూ ఆ మాట వెనకే ఉంటాయి. ఎబ్రో లోయలో అమెరికన్ చేత “ఏమ్మే, చెప్తాండా గదా” అనిపిస్తే అతను వెంటనే ఏ ముద్దనూరువాడో అయిపోతాడు, అమ్మాయి మీద అతనికి మొగుడి అధికారం కూడా వచ్చేస్తుంది. కథలో అతనికి ఆ అధికారం లేదు. అందుకే అన్నిసార్లు నచ్చజెప్పాల్సి వస్తోంది. ఇద్దరూ ‘నువ్వు’ అనే అనుకుంటారు. ‘లే’ ఒక్కటే మా ఊరిది.

మొత్తం చదవడం అయ్యాక చిన్నమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఇంతకీ ఆ పిల్ల తీయించుకునిందా, లేదా?” అని అడిగింది. ఇంగ్లీషులో ఈ కథ చదివినవాళ్ళూ ఈ రోజుకీ అడిగేది ఇదే. కథ జవాబు చెప్పదు. నేనూ చెప్పలేదు.