పదవి లేదు, పెత్తనం లేదు, ఒక కాయితం మాత్రం ఉండె

పోయిన నెల గ్రూపుల ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, వేరే హాస్టల్ పోరగాళ్లతోని పని ఎట్ల చేయించిన్రు? మీ మాట ఎందుకు విన్నరు?" అప్పుడు పొట్టిగ జవాబు ఇచ్చి ఊకున్న. ఇప్పుడు మొత్తం రాస్తున్న, జర పొడుగైతది.

మాడుగులపల్లి చుట్టుపక్కల ఐదు తండాల్లో ఇంటర్ అయిపోయి డిగ్రీల చేరిన పిల్లలు 34 మంది. అంతకుముందు ఏడు వీళ్లలాంటి వాళ్లు చానమంది ఈపాస్ స్కాలర్‌షిప్‌కు అప్లయ్ చేసినమనే అనుకున్నరు. తీరా చూస్తే ఒకరికి వేలిముద్ర పడలే, ఒకరి కాయితాలు కాలేజీల ఇయ్యలే, ఒకరి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేదు. ఫీజు కట్టలేక ఇద్దరు చదువు బంద్ పెట్టి పనికి పోయిన్రు. ఈసారి అట్ల కావద్దని అనుకున్నం.

పని మూడు చోట్ల ఉన్నది. సూర్యాపేట హాస్టల్ అన్నలవి ఆ తండాలే, ఇంటింటికీ తిరగగలరు. కోదాడల చదివే ఒక అక్కకు కంప్యూటర్ మంచిగ వస్తది, లిస్టు ఆమె చూడాలె. మిర్యాలగూడల ఉన్న మేము ఫారాలు నింపి మీసేవకు తీస్కపోవాలె. ఈ మూడింటి మధ్యల నేను. వార్డెన్‌ను కాదు, సంఘం లీడర్‌ను కాదు, మా రూముల కూడ చిన్నోణ్ని నేనే. "చెయ్" అని ఎవరికి చెప్పే హక్కూ లేదు.

మొదటి మీటింగుల అందరు "చేద్దాం, చూద్దాం" అన్నరు. పది రోజులైనా ఏం కాలే. ఒకే తండాకు రెండు జట్లు పోయినయ్, ఇంకో తండాకు ఎవ్వరు పోలే. అప్పుడు సమజైంది: "చూద్దాం" అంటే మాట ఇచ్చినట్టు కాదు.

ఫస్టు మీసేవ అన్న దగ్గరికి పోయిన. మా పని చెప్పలే, ఆయన బాధ ఏందో అడిగిన. "ఒకటేసారి ఇరవై మంది వస్తరు, సగం మంది దగ్గర కాయితాలే ఉండవు, నా టైమంత పోతది" అన్నడు. "అట్లైతే రోజుకు ఆరుగురినే తెస్త, మధ్యాహ్నం రెండు దాటినంక, ఒక్కొక్కరి కాయితాలు వరుసల పెట్టి తెస్త, జర వాళ్లను ఆపకుండ చేస్తవా అన్నా?" అంటే వెంటనే ఒప్పుకున్నడు. అందుల ఆయనకు లాభం ఉన్నది కాబట్టి ఒప్పుకున్నడు, నా ముఖం చూసి కాదు. సూర్యాపేట అన్నలకు కూడ ఇట్లనే. ప్రతి ఆదివారం బస్సు పైసలు పెట్టుకోవుడు వాళ్లకు కష్టం. అందుకే ఇంటికి పొయ్యే పండుగ సెలవులల్లనే సర్వే పెట్టినం.

తర్వాత కాయితం. ఒక సీనియర్‌ను సంతకం అడిగితే కోపానికొచ్చిండు: "నేనేమన్న పారిపోతనా?" తప్పు నాదే. మా దగ్గర సంతకం అంటే అప్పు పత్రమో, పోలీస్ స్టేషనో. అందుకే మళ్లీ రాసిన. పైన "మతికి కాయితం" అని పెట్టి, ముందు నేను ఏం చేయాల్నో రాసిన. ఆయన భాగం పెన్సిల్‌తోని రాసి, "అన్నా, తప్పుంటే దిద్దు" అని ఇచ్చిన. ఆయన రెండు తండాలు కొట్టేసి ఒకటి కొత్తగ రాసిండు. ఆయన చేత్తోని దిద్దినంక అది ఆయన కాయితం అయింది. సంతకం అవసరమే పడలే.

కాయితంల ఒక్కొక్కరికి నాలుగు లైన్లే. ఏ పని, ఏ తారీఖు లోపట, అయిందని ఎట్ల తెలుస్తది, కాకపోతే ఎవరికి ఎప్పుడు చెప్పాలె. వీటిల మూడోదే అన్నిటికన్న గట్టిది. "ఫారం అయింది" అంటే సర్వే చేసినోళ్లకు పేరు రాసుకున్నట్టు, మాకు ఆన్‌లైన్ల నింపినట్టు, పిల్లగాని యాడికి పైసలు పడ్డట్టు. ఒక్క మాటకు మూడు అర్థాలు. అందుకే ఇట్ల రాసినం: "అయింది అంటే, అప్లికేషన్ నంబరు నోట్‌బుక్కుల ఎక్కింది, వేలిముద్ర పడ్డది, కాయితాలు కాలేజీల ఇచ్చినం." మూడు టిక్కులు లేకుంటే అయినట్టు కాదు.

ఇంకోటి. ఆదాయం సర్టిఫికెట్ తహసీల్ ఆఫీసుల నుంచి ఎప్పుడొస్తదో మన చేతుల లేదు. "15 లోపట తెస్తం" అని రాస్తే అది అబద్ధపు మాట అయితది. "10 లోపట దరఖాస్తు పెడ్తం, ప్రతి సోమవారం పోయి అడుగుతం" అని రాసినం. చేతిల ఉన్నదే రాయాలె.

పెద్దమనుషుల ఒప్పందం గురించి గ్రూప్స్‌కు చదివేటోళ్లందరికి తెలుసు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల తెలంగాణ, ఆంధ్ర లీడర్లు రాసుకున్నరు. ముఖ్యమంత్రి ఆంధ్రోడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణోడు కావాలె అని అందుల ఉన్నది. నవంబరు 1న రాష్ట్రం ఏర్పడితే నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయిండు, ఉపముఖ్యమంత్రిని పెట్టలే. రాసినా ఎందుకు ఆగలే? నాకు అర్థమైంది ఏందంటే, తప్పితే ఎవరు అడగాలె, ఎక్కడ అడగాలె అనేది గట్టిగ లేదు. గందుకే మా కాయితంల నాలుగో లైను పెట్టినం. ప్రతిరోజు రాత్రి ఎనిమిదింటికి ఒక మెసేజ్: ఇయ్యాల ఎన్ని అయినయ్, ఏది ఆగింది.

ఆ లైను మొదట తప్పింది నేనే. ఇంటర్నల్ పరీక్షలని రెండు రోజులు మెసేజ్ పెట్టలే. ఒక చెల్లె పని అయిపోయిందని సూర్యాపేట అన్నకు తెల్వక, మళ్ల వాళ్లింటికి పోయిండు. పత్తి చేనుకాడి నుంచి వాళ్ల యాడిని పిలిపించిండు. ఆమె కూలి పోయింది, అన్నకు మాట పడ్డది. ఆ రాత్రి గ్రూపుల రాసిన: "తప్పు నాది, కాయితంల నాలుగో లైను నేను తప్పిన." సాకు చెప్పలే. తర్వాతి రోజు నుంచి మిగతావాళ్లు కూడ ఆగిన పనులు దాచకుండ చెప్పుడు మొదలువెట్టిన్రు.

ఒక దెబ్బ మాత్రం ముందుగాల చూడలేకపోయినం. టెన్త్ మెమోల ఒక తీరు, ఆధార్ల ఒక తీరు పేర్లు. రమావత్ ఒకదాంట్ల రామావత్ అయింది, ఇంకో అమ్మాయికి ఆధార్ల పేరు చివర "బాయి" చేరింది. సైట్ల పేరు కలవక ఆగింది. ఆధార్ దిద్దుకొని వచ్చేసరికి రోజులు పోయినయ్. సర్వే మొదటి రోజే రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తే బాగుండు. వచ్చే ఏడు మొదటి లైను అదే.

చివరికి 34 మందిల 29 మందికి మూడు టిక్కులు పడ్డయ్. నలుగురివి పేరు తేడాతోని ఆగి ఉన్నయ్. ఒక తమ్ముడు మేము పోయేసరికే హైదరాబాద్ పనికి పోయిండు. వాళ్ల నాయనను రెండుసార్లు కలిసిన, ఒప్పుకోలే. ఎదుటోళ్లకు మనసు లేనిచోట కాయితం పని చెయ్యదు, అది కూడ చూసిన.

మన తండాల్లో నాయక్ మాట అంటే మాటే, రాయాల్సిన పని లేకుండె. ఎందుకంటే అందరు ఒక్కకాడ ఉండేటోళ్లు, ఎవరు తప్పినా కనబడేది. మనం ఇప్పుడు మూడు ఊర్ల హాస్టళ్లల్ల ఉన్నం. తప్పింది కనబడాలంటే రాసుకోవాలె.

ఆ నలుగురి పని ఇంకా ఉన్నది. మిర్యాలగూడ దిక్కు ఉండేటోళ్లు ఎవరన్న సోమవారాలు ఆఫీసుకు రాగలిగితే కామెంట్ల చెప్పున్రి. మీ భాగం పెన్సిల్‌తోనే రాస్త.