మూడిళ్ల డిస్కు

నవంబర్ 4
రిచీ స్ట్రీట్‌లో 2 టీబీ పోర్టబుల్ డిస్కు కొన్నాం. కొట్టతను ‘ఫార్మాట్ చేసే ఉంది సార్, అలాగే వాడుకోండి’ అన్నాడు. విండోస్ ఒక్కటే వాడే ఇంటికైతే నిజమే. మా డిస్కు మాత్రం మూడిళ్లు తిరగాలి. కోడంబాక్కంలో మిత్రుడి విండోస్ కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి ఉంది. పేజీలు దిద్దే డిజైనర్ది మ్యాక్. బొమ్మలోంచి అక్షరాలు తీసే టెసరాక్ట్ నా లినక్స్‌లో నడుస్తుంది. పని ఒకటే: మద్రాసులో అచ్చయిన పాత తెలుగు మాసపత్రికల బౌండు సంపుటాలు.

నవంబర్ 5
పెట్టెలోంచి తీసేసరికి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది. విండోస్‌కు సొంత బిడ్డ. లినక్స్ కూడా ఇప్పుడు బాగానే రాస్తుంది, కెర్నెల్ 5.15 నుంచి అందుకు సొంత డ్రైవర్ ఉంది. చిక్కల్లా మ్యాక్‌తోనే: చదువుతుంది, రాయదు. ఫైళ్లన్నీ కనిపిస్తాయి, తెరుచుకుంటాయి, ‘సేవ్’ దగ్గర ఆగిపోతాయి. డబ్బిచ్చి కొనే డ్రైవర్లున్నాయి గానీ, ఒక్క డిస్కు కోసం ఇంకొకరి కంప్యూటర్‌లో అలాంటిది పెట్టించడం నాకు ఇష్టం లేదు.

మ్యాక్ ఏపీఎఫ్‌ఎస్‌ను విండోస్ గుర్తుపట్టదు. నా ఈఎక్స్‌టీ4ను ఆ రెండూ గుర్తుపట్టవు. పాత ఫ్యాట్32ను అందరూ గుర్తుపడతారు కానీ అందులో ఒక ఫైలు 4 జీబీని అందుకోలేదు. 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేసిన ఏ4 పేజీ, కుదించకపోతే, సుమారు 25 ఎంబీ. 200 పేజీల సంపుటాన్ని ఒకే ఫైలుగా కడితే 5 జీబీ అవుతుంది. మిగిలింది ఎక్స్‌ఫ్యాట్. డిస్కును అందులోకే ఫార్మాట్ చేశాం.

నవంబర్ 7
పై వాటాలో ఉండే అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్ తెచ్చాడు, ఇందులోనూ చూద్దాం అంకుల్ అంటూ. తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ఇచ్చిన రకం. విండోస్ పక్కన బాస్ లినక్స్ ఉంది, సీడాక్ చెన్నై వాళ్లు తయారుచేసింది. డిస్కు పెడితే ఈ మాట వచ్చింది:

```
unknown filesystem type 'exfat'
```

ఇది డిస్కు తప్పు కాదు, కాలం తేడా. ఎక్స్‌ఫ్యాట్ 2006 నాటిది. అయినా మైక్రోసాఫ్ట్ దాని వివరాలను అందరికీ బయటపెట్టింది 2019 ఆగస్టులో. ఆ ఏడాది చివర్లో వచ్చిన కెర్నెల్ 5.4లో డ్రైవర్ తొలిసారి చేరింది. 2020లో 5.7లో శామ్‌సంగ్ రాసిన మెరుగైనది దాని చోటులోకి వచ్చింది. అంతకు ముందరి లినక్స్‌లో `exfat-fuse` అనే ప్యాకేజీని మనమే వేసుకోవాలి. వేశాక తెరుచుకుంది. ‘లినక్స్‌లో ఎక్స్‌ఫ్యాట్ పనిచేస్తుందా?’ అని ఎవరైనా అడిగితే ముందు `uname -r` కొట్టి చూడమనాలి.

నవంబర్ 12
టెసరాక్ట్ పేజీకొక టెక్స్ట్ ఫైలు రాస్తోంది. ఒక్కొక్కటి 4 కేబీ ఉంటుందేమో. డిస్కులో మాత్రం ఆ ఫోల్డరు ఆశ్చర్యపోయేంత పెరిగింది.

లెక్క వేస్తే విషయం తేలింది. ఫైలు ఎంత చిన్నదైనా కనీసం ఒక క్లస్టర్ ఆక్రమిస్తుంది. 32 జీబీ దాటిన డిస్కుకు విండోస్ మామూలుగా ఇచ్చే ఎక్స్‌ఫ్యాట్ క్లస్టర్ 128 కేబీ. అంటే 20,000 పేజీల్లో అసలు అక్షరాలు 80 ఎంబీ, ఆక్రమించే చోటు దాదాపు రెండున్నర జీబీ. మ్యాక్ తన వివరాలు దాచుకోవడానికి `._` తో మొదలయ్యే తోడు ఫైళ్లు పెడుతుంది. వాటికీ తలా ఒక క్లస్టర్ పోతుంది. 25 ఎంబీ బొమ్మలకు ఈ వృథా లెక్కలోకే రాదు.

ఇంకా పెద్దగా నిండలేదు గనుక ఖాళీ చేసి మళ్లీ ఫార్మాట్ చేశాం:

```
format E: /FS:exFAT /A:32K /Q
```

వృథా నాలుగో వంతుకు దిగింది. టెక్స్ట్ ఫైళ్లనైతే సంపుటానికొక జిప్ కట్టి పంపడమే మేలు. వేల ఫైళ్ల కంటే ఒక్క ఫైలు కాపీ అవడం కూడా త్వరగా అవుతుంది.

నవంబర్ 19
వాన. కోడంబాక్కంలో కాపీ మధ్యలో కరెంటు పోయింది. సాయంత్రం మ్యాక్‌కు పెడితే డిస్కు కనిపించలేదు. డిజైనర్ కంగారుగా ఫోన్: ‘అన్నా, డిస్కు పోయింది.’ పోలేదు. టెర్మినల్‌లో `ps aux | grep fsck` కొట్టమన్నాను. `fsck_exfat` నడుస్తోంది. రాయడం మధ్యలో ఆగినప్పుడు ఎక్స్‌ఫ్యాట్ మొదట్లోనే ‘శుభ్రంగా మూయలేదు’ అనే గుర్తు మిగిలిపోతుంది. మ్యాక్ అది చూసి, చప్పుడు చేయకుండా డిస్కంతా తనిఖీ చేశాకే బయటపెడుతుంది. పెద్ద డిస్కుకు చాలాసేపు పట్టవచ్చు. ఈలోగా విసిగిపోయి తీగ లాగితే కథ మళ్లీ మొదటికి.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు, ఈఎక్స్‌టీ4కు జర్నల్ ఉంటుంది. చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుంటాయి గనుక, ఆగిన చోటు నుంచి త్వరగా సర్దుకుంటాయి. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు. సగం రాసిన ఫైలుకు దిక్కు లేదు, చెడితే ఫోల్డరు పట్టికే చెడవచ్చు. మా డిస్కులో ఒక్క పేజీ బొమ్మ సగానికి తెగింది, అంతే. ఈ లోటు తెలిసే ఎంచుకున్నాం. ఇది బండి, బీరువా కాదు. అసలు ప్రతి నా ఇంట్లో ఈఎక్స్‌టీ4 మీద ఉంటుంది.

నవంబర్ 23
ఈ రోజు గొడవ తెలుగుకే ప్రత్యేకం. వ్యాసం పేరు మొత్తం ఫైలు పేరుగా పెట్టాడు స్కానింగ్ మిత్రుడు. విండోస్‌లో ఉంది, డిస్కులో ఉంది, నా లినక్స్‌లోకి కాపీ చేయబోతే `File name too long`.

ఎక్స్‌ఫ్యాట్ పేరుకు 255 యూటీఎఫ్-16 యూనిట్లు ఇస్తుంది. ఈఎక్స్‌టీ4 ఇచ్చేది 255 బైట్లు. ఇంగ్లీషుకు తేడా తెలియదు. యూటీఎఫ్-8లో తెలుగు కోడుకు మూడేసి బైట్లు. ‘లక్ష్మి’ అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: ఏడు కోడ్లు, 21 బైట్లు. అంటే ఎక్స్‌ఫ్యాట్‌లో 255 కోడ్ల దాకా పట్టే తెలుగు పేరుకు ఈఎక్స్‌టీ4లో 85 కోడ్లే పడతాయి. పాత వ్యాసాల శీర్షికలకు, రచయిత పేరు బిరుదులతో సహా చేర్చితే, అది చాలదు.

నవంబర్ 24
అది చూస్తుండగా రెండోది. డిజైనర్ దగ్గరి పాత మ్యాక్ డిస్కు హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్. అందులోంచి వైఫై మీద `rsync`తో కొన్ని ఫైళ్లు నేరుగా నా లినక్స్‌లోకి వచ్చాయి. ఇప్పుడు ‘చెన్నై.txt’ ఒకే ఫోల్డరులో రెండు ఉన్నాయి. కంటికి ఒక్క రవ్వ తేడా లేదు. పేర్ల బైట్లు విప్పితే:

```
విండోస్ నుంచి : e0 b1 88
మ్యాక్ నుంచి  : e0 b1 86 e0 b1 96
```

మొదటిది ఐత్వం ఒకే కోడుగా. రెండోది ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు, రెండు కోడ్లుగా. యూనికోడ్ రెంటినీ సమానమే అంటుంది. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసే దాస్తుంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా ఏదీ సరిచూడదు, బైట్లు వేరైతే ఫైళ్లు వేరే. మైసూరు, నైజాం, వైశాఖం, ఐత్వం ఉన్న ప్రతి పేరూ ఇలా జంటలవుతుంది. జంటల్లో ఏది ఉంచాలో చూసి రెండోది తీసేశాక:

```
convmv -f utf8 -t utf8 --nfc -r --notest .
```

`--notest` లేకపోతే ఏం మారుస్తుందో చూపి ఊరుకుంటుంది. ముందు అలాగే నడిపి చూడాలి.

నవంబర్ 26
ముగ్గురం ఫోన్‌లో మాట్లాడుకున్నాం. డిస్కు ఎక్స్‌ఫ్యాట్‌గానే ఉంటుంది. అందులో తిరిగే ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, పత్రిక, ఏడాది, నెల, పేజీ: `bharati-1931-07-012.tif`. తెలుగు శీర్షికలన్నీ ఒక పట్టిక ఫైలు లోపల ఉంటాయి, అక్కడ పొడవుకు హద్దు లేదు. స్కానింగ్ మిత్రుడికి ఇది నచ్చలేదు. ఫోల్డరు తెరిస్తే తెలుగు కనబడాలంటాడు. నాకూ ఆ కోరిక ఉంది. ఫోల్డర్ల పేర్ల వరకు తెలుగులో ఉంచుదామని, ఐత్వం లేని చిన్నవైతేనే అని రాజీ కుదిరింది. ‘చెన్నై’ పోయి ‘మద్రాసు’ వచ్చింది.