గుమ్మం దగ్గర పేరు

2007లో అమెరికాలో ఆల్‌డే, పకురార్ అనే ఇద్దరు ఓ చిన్న ప్రయోగం చేశారు. క్లాసులో ధ్యాస నిలవని ముగ్గురు పిల్లల్ని టీచర్లు గుమ్మం దగ్గరే పేరు పెట్టి పలకరించారు. మొదటి 10 నిమిషాల్లో పిల్లలు పనిలో ఉన్న సమయం సగటున 45 శాతం నుంచి 72కి పెరిగింది. ముగ్గురే, 10 నిమిషాలే. అంతకుమించి లాగొద్దు.

నాకు మాత్రం ఆశ్చర్యం వేయలేదు. బళ్లో మేం "హాస్టలోళ్లం". హాజరు పట్టీలో తప్ప పేర్లుండేవి కావు. లెక్కల సారొక్కరే బెల్లుకి ముందే గుమ్మంలో నిలబడి, "ఏరా, నిన్నటి మూడో లెక్క వచ్చిందా?" అని ఒక్కొక్కరినీ పేరుతో అడిగేవారు. కూర్చునే లోపే నోటుబుక్కు తెరిచేవాణ్ని.

ఇంకో టీచరూ గుమ్మంలోనే పలకరించేవారు. అందరికీ "గుడ్ మార్నింగ్". మాకు మాత్రం, అందరూ వినేలా, "స్కాలర్‌షిప్ ఫారం తెచ్చావా?" ఆ పీరియడంతా తల దించుకునే కూర్చునేవాళ్లం.