గోడ మీద షిఫ్టులు

ఫజర్‌కు ముందు కోరుట్లలో మా వెనక గోడ మీద పిల్లులు చంటిపిల్లల్లా ఏడుస్తుంటే అమ్మీ "మన్హూస్ ఆవాజ్" అని దుప్పటి కప్పుకునేది. అది ఏడుపు కాదు, ఇలాకా పంచాయితీ.

పిల్లి తిరిగే మేర వేరు, కాపలా కాసే హద్దు వేరు. ఆడపిల్లి తిండీ, పిల్లలకు చోటూ దొరికినంత మేరే తిరుగుతుంది. గండుపిల్లి అలాంటి ఎన్నో ఆడపిల్లుల ఇలాకాలు చుట్టి వస్తుంది. అందుకే ఒకే గోడ చాలా పిల్లులకు రాస్తా. సిరిసిల్లలో ఒకే సాంచా మీద పగలొకరు, రాత్రొకరు నేసినట్టు, అవి గోడను వేళలవారీగా వాడుకుంటాయి. మూలన చల్లిన పేషాబ్ వాసనే హాజరీ రిజిస్టర్. తాజాగా ఉంటే ముందుపోయినవాడు దగ్గర్లోనే ఉన్నట్టు.

మొన్న జగిత్యాల నుంచి ఖాలా వస్తూ తన గండుపిల్లిని తెచ్చి, ఆ రాత్రే బయటికి వదిలింది. గల్లీ సద్దుమణిగి పిల్లులు తిరిగే వేళ. దానికి ఇక్కడి షిఫ్టులు తెలియవు. ఎదురుపడ్డాయి. ముందు చాలాసేపు అరుపులే, వెనక్కి తగ్గడానికి అదొక మౌకా. ఎవరూ తగ్గలేదు.

మూడోనాటికి దాని చెంప వాచింది. పంటిగాటు పైన మూసుకుని లోపల చీము పట్టిందట. డాక్టర్ సాబ్ చీము తీసి, "కొన్ని వారాలు ఇంట్లోనే ఉంచండి. ఖస్సీ చేయిస్తే తిరుగుడు, కొట్లాట తగ్గుతయి" అన్నారు.

ఇప్పుడు గోడ మీద అరుపు వినిపిస్తే అమ్మీ మన్హూస్ అనదు. "షిఫ్టు కలిసిపోయింది" అంటుంది.